ఘర్షణ ప్రాజెక్టు రూబ్రిక్: ముగ్గురు పిల్లల కోసం మార్చాం, ప్రమాణం తగ్గిందో లేదో కొలిచాం

ఎనిమిదో తరగతి భౌతిక శాస్త్రంలో ఘర్షణ పాఠానికి ఎఫ్‌ఏ ప్రాజెక్టు పని ఉంది. దానికి మా దగ్గర ఒక రూబ్రిక్, అంటే దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక ఉంది: ఐదు వరుసలు, వరుసకు నాలుగు మార్కులు, మొత్తం ఇరవై. దాన్ని నాలుగుతో భాగిస్తే ప్రాజెక్టుకు కేటాయించిన ఐదు మార్కులు వస్తాయి. ‘ఏ’ సెక్షన్‌లో ముగ్గురు పిల్లలకు ఈ రూబ్రిక్ సరిపోవడం లేదు. ఒక అమ్మాయిది అల్పదృష్టి. ఒక అబ్బాయికి డిస్లెక్సియా. ఇంకో అమ్మాయి ఒడిశా నుంచి వచ్చింది. తెలుగు మాట్లాడుతుంది, కానీ రాయడం ఇంకా పూర్తిగా రాదు, ఇంగ్లిష్ రాత అంతకన్నా తక్కువ.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాషల మినహాయింపు గురించి చెబుతుంది. ఆ చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన సమస్యలూ ఉన్నాయి. అంటే మొదటి ఇద్దరికీ చట్టం అండ ఉంది. ఒడియా అమ్మాయికి ఏ సర్టిఫికెట్టూ రాదు, భాష రాకపోవడం వైకల్యం కాదు గదా. అందుకే మినహాయింపుల జాబితా పక్కన పెట్టి రూబ్రిక్‌నే తిరగరాయాల్సి వచ్చింది. ఎవరైనా ఇదే పని తలపెడితే ఎక్కడ జారే ప్రమాదం ఉందో తెలియాలని ఈ డైరీ రాస్తున్నాను.

## దశ 1: పాత రూబ్రిక్‌ని విప్పి చూడడం

పాత రూబ్రిక్ వరుసలు ఇవి: పరికల్పన, కొలతలు, పట్టిక-గ్రాఫు, ముగింపు, సమర్పణ. నాలుగు మార్కుల గడుల్లో ఉన్న వాక్యాలను ఒక్కొక్కటీ తీసి, ప్రతి మాట కిందా రెండు రంగుల్లో గీత గీశాం. పిల్లలకు సైన్సు వచ్చిందో లేదో చెప్పే మాటకు నీలం. ఏ రూపంలో చూపించారో చెప్పే మాటకు ఎరుపు.

ముగింపు వరుసలో నాలుగు మార్కుల గడి ఇలా ఉండేది: "పూర్తి వాక్యాల్లో, తప్పుల్లేని ఇంగ్లిష్‌లో, పాఠంలోని పదాలు వాడుతూ ముగింపును స్పష్టంగా రాశారు." ఇందులో నీలం గీత పడింది "ముగింపు" అన్న ఒక్క మాటకే. ఆ ముగింపు పిల్లల సొంత కొలతలకు సరిపోయిందా, కారణం సరైనదేనా అని అడిగే మాట ఆ గడిలో లేనే లేదు. సమర్పణ వరుస మొత్తం ఎరుపే: దస్తూరి, మార్జిన్లు, రంగుల అట్ట, అక్షరదోషాలు.

దీంతో పని దిశ మారింది. ముగ్గురి కోసం రూబ్రిక్‌ని ఎంత వంచాలి అన్నది అప్పటిదాకా మా ప్రశ్న. గీతలు గీశాక అసలు ఆ రూబ్రిక్ సైన్సును కొలుస్తోందా అన్న అనుమానం వచ్చింది.

లెక్క: ఐదు వరుసల్లో సైన్సును నేరుగా అడిగేవి రెండు (పరికల్పన, కొలతలు). సగం సగం ఉన్నవి రెండు. రూపాన్ని మాత్రమే అడిగేది ఒకటి. ఇరవై మార్కుల్లో నాలుగు పూర్తిగా దస్తూరికీ అట్టకీ పోతున్నాయి.

## దశ 2: ఏది కదలకూడదు, ఏది కదలవచ్చు

తెలంగాణ సైన్సు పుస్తకాల్లో పాఠం చివర విద్యా ప్రమాణాలు ఉంటాయి: విషయావగాహన, ప్రశ్నించడం-పరికల్పన చేయడం, ప్రయోగాలు-క్షేత్ర పరిశీలన, సమాచార నైపుణ్యాలు-ప్రాజెక్టు పనులు, బొమ్మల ద్వారా భావప్రసారం వగైరా. ప్రతి వరుసనూ వాటిలో ఒకదానికి ముడివేశాం. ముడిపడిన భాగం కదలదు. ముడిపడనిది ఏ రూపంలోనైనా ఉండవచ్చు.

వరుస వరుసకీ వేసుకున్న ప్రశ్నలు:

1. ఈ గడిలో చెప్పింది చేయకుండానే ఒక మంచి శాస్త్రవేత్త ఇదే ప్రయోగాన్ని సరిగ్గా ముగించగలడా? గలడంటే అది రూపం, తీసేయాలి.
2. ఆ పని ఇంకొకరు చేసి పెడితే పిల్లకు వచ్చిందో లేదో తెలియకుండా పోతుందా? పోతుందంటే అది ప్రమాణం, పిల్లే చేయాలి.
3. తీసేసిన రూపం ఇంకో సబ్జెక్టులో ప్రమాణమా? అయితే అక్కడికి పంపాలి.

మూడో ప్రశ్న మీద స్టాఫ్ రూములో గట్టి చర్చే నడిచింది. ఇంగ్లిష్ వాక్యనిర్మాణాన్ని మేం వదిలేస్తే పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారని ఇంగ్లిష్ మేడం అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఇంగ్లిష్ ప్రాజెక్టులో ఇదే ఘర్షణ నివేదికను ఆవిడ తన రూబ్రిక్‌తో దిద్దేలా ఒప్పందం కుదిరింది. అక్కడ స్పెల్లింగే ప్రమాణం కాబట్టి దాన్ని వదిలే వీల్లేదు. ఇక్కడ అది దారికి అడ్డం మాత్రమే.

సమర్పణ వరుసను కొట్టేస్తే మొత్తం పదహారుకు పడిపోతుంది. అసలు నీటుగా రాయమని ఎందుకు అడుగుతాం? చదివినవాళ్లు అదే ప్రయోగాన్ని మళ్లీ చేయగలగాలని. కాబట్టి ఆ వరుస స్థానంలో "ఇంకో జట్టు ఈ రికార్డు చూసి, మిమ్మల్ని ఏమీ అడగకుండా ప్రయోగం మళ్లీ చేయగలిగిందా" అని పెట్టాం. రికార్డు రాతలో ఉన్నా, బొమ్మల్లో ఉన్నా, ఫోన్‌లో మాటగా ఉన్నా సరే. ఇది పాతదానికంటే కష్టమైన వరుస. అట్ట అందంగా ఉంటే ఇక్కడ మార్కు రాదు.

లెక్క: వరుసలు ఐదు, మార్కులు ఇరవై, అలాగే ఉన్నాయి. తిరగరాసిన వరుసలు మూడు. ఖర్చు సున్నా.

## దశ 3: కొలత, స్ప్రింగ్ త్రాసు నుంచి వాషర్లకు

ప్రాజెక్టులో మూడు భాగాలు. చెక్కదిమ్మను వేరువేరు తలాల మీద లాగడం, దిమ్మ మీద బరువు పెంచి లాగడం, దిమ్మను పడుకోబెట్టీ నిలబెట్టీ లాగడం. మొదటి భాగాన్ని ‘ఏ’ సెక్షన్ మొత్తం పాత పద్ధతిలోనే, ఎలాంటి ఏర్పాటూ లేకుండా చేసింది. తర్వాత పోల్చుకోవడానికి అది కావాలి. రెండో భాగంలో ఏర్పాట్లు సరిచూసుకున్నాం. మూడోది అసలు పరీక్ష.

అల్పదృష్టి అమ్మాయికి స్ప్రింగ్ త్రాసు గీతలు కనిపించవు. అందరికీ ముందుగా తోచేది పక్కన కూర్చున్న పిల్ల రీడింగు చదివి చెప్పడం. అది నిలవలేదు. ఘర్షణ కొలతలో మెళకువంతా దిమ్మ కదలబోయే క్షణంలో ముల్లు ఎక్కడుందో పట్టుకోవడంలో ఉంది. చదివే పిల్ల ఆ క్షణాన్ని తానే ఎంచుకుంటోంది, పైగా 1.7ని 2 అంటోంది. పట్టికలో ఉన్న అంకెలు పక్కపిల్లవి, మార్కు ఈ పిల్లది. ఇది దశ 2లోని రెండో ప్రశ్న దగ్గర దొరికిపోయింది.

మార్చిన అమరిక:

1. దిమ్మకు దారం కట్టి, బల్ల అంచున బిగించిన చిన్న కప్పీ మీదుగా కిందికి వదలాలి.
2. దారం కొసకు ప్లాస్టిక్ కప్పు వేలాడదీయాలి.
3. ఇనుప వాషర్లు ఒక్కొక్కటీ మెల్లగా కప్పులో వేయాలి, జారవిడవకూడదు.
4. రెండో చేతి వేలిని దిమ్మ ముందు అంచుకు ఆనీ ఆననట్టు పెట్టాలి. దిమ్మ కదిలి వేలికి తగిలితే ఆపాలి.
5. వాషర్లు లెక్కపెట్టాలి. మూడుసార్లు చేయాలి.

కిరాణా కొట్టు త్రాసులో పది వాషర్లు నూరు గ్రాములు తూగాయి, అంటే ఒక్కోటి పది గ్రాములు. దిమ్మ అర కిలో. నున్నటి బల్ల మీద ఆ అమ్మాయికి 17, 18, 17 వచ్చాయి. గరుకు కాగితం మీద 33, 35, 33. కదిలే క్షణం ఆమె వేలికే తెలుస్తోంది, ఎవరూ చెప్పనక్కర్లేదు. చూపున్న పిల్లలకూ త్రాసుకంటే ఇదే నిలకడగా వచ్చింది కాబట్టి తరగతంతా ఈ అమరికకే మారింది.

కప్పీ విషయంలో ఒక జాగ్రత్త. మొదట పెన్ను గొట్టం మీదుగా దారం వేశాం. అక్కడే దారం రాసుకుని వాషర్లు నాలుగైదు ఎక్కువ పట్టాయి. మూడు కొలతలూ దగ్గరదగ్గరగానే ఉండడంతో తప్పు కనిపించలేదు. దిమ్మ లేకుండా దారానికి రెండు వైపులా సమాన బరువు కట్టి, ఒక వాషరు అదనంగా వేస్తే కదులుతుందో లేదో చూస్తే బయటపడుతుంది. కదలకపోతే అంచు దగ్గర ఘర్షణ ఉన్నట్టే.

మరి స్ప్రింగ్ త్రాసు చదవడం రావాలి గదా? రావాలి. దాన్ని ప్రాజెక్టు నుంచి విడదీసి ల్యాబ్ పనిలో పెట్టాం. అక్కడ ఆమె ఫోన్ కెమెరాతో స్కేలును పెద్దది చేసుకుని తానే చదువుతుంది. నిలకడగా వేలాడే బరువుకు అది బాగానే కుదురుతుంది. కదిలే దిమ్మకు కుదరదు.

లెక్క: వాషర్లు, కప్పీ, గరుకు కాగితం కలిపి ₹150. కొలతల వరుసలో మారిన మాట ఒక్కటి: "త్రాసు రీడింగు" బదులు "కొలత". మూడుసార్లు తీయడం, ప్రమాణం రాయడం, తేడా వచ్చిన కొలతను దాచకపోవడం అలాగే ఉన్నాయి.

## దశ 4: ఖాళీల వాక్యాలు జవాబు చెప్పేస్తే

భాష ఇబ్బంది ఉన్నవాళ్లకు ఖాళీలతో వాక్యాలు ఇవ్వడం చాలామంది చేసేదే. ముందు బీ సెక్షన్‌లో ప్రయత్నించాం, ఎందుకంటే అక్కడ ఇంగ్లిష్ మీడియంలో ఇబ్బంది పడుతున్న తెలుగు పిల్లలే ఎక్కువ. ఇచ్చిన వాక్యం:

"______ పెరిగితే ఘర్షణ ______, ఎందుకంటే ______."

బరువు భాగంలో దాదాపు అందరూ సరిగ్గా నింపారు. అనుమానం రావాల్సింది అక్కడే. మూడో భాగానికి వచ్చేసరికి అసలు సంగతి తేలింది. దిమ్మను పడుకోబెట్టినా నిలబెట్టినా ఘర్షణ దాదాపు మారదు. పిల్లల పట్టికల్లో కూడా 17, 18, 17 ఎదురుగా 18, 17, 18 అని వాళ్ల చేత్తోనే రాసి ఉంది. అయినా ఎక్కువమంది "తాకే వైశాల్యం పెరిగితే ఘర్షణ పెరుగుతుంది" అని నింపారు. వాక్యంలో "పెరిగితే" ఉంది కాబట్టి రెండో ఖాళీలో "పెరుగుతుంది" దానంతటదే వచ్చి కూర్చుంది. పట్టిక వైపు ఎవరూ తిరిగి చూడలేదు.

బరువు భాగంలో వచ్చిన మార్కులు కూడా ఆ వాక్యానివే, పిల్లలవి కావు. "ఎందుకంటే" అని మనమే రాసి ఇస్తే కారణం చెప్పాలన్న స్పృహ పిల్లలకు ఉందో లేదో ఇక తెలియదు. ముగింపు వరుసలో మనం కొలిచేదే అది.

మార్చిన కాగితంలో వాక్యాలు లేవు, అంశాలే ఉన్నాయి:

1. మేం మార్చింది
2. మేం కొలిచింది
3. మార్చినప్పుడు కొలత ఏమైంది
4. నేను అనుకుంటున్నది
5. అలా అనుకోవడానికి నాకు కనిపించినవి

ఐదోదాని కింద చాలా చోటు వదిలాం. అక్కడ అంకెలు రాయవచ్చు, కారణం రాయవచ్చు, బొమ్మ గీయవచ్చు. అక్కడ ఏం పెట్టాలో పిల్లే తేల్చుకోవాలి. దీంతోపాటు పన్నెండు మాటల చీటీ ఒకటి: తలం, గరుకు, నునుపు, బరువు, కదలిక లాంటివి తెలుగులో, ఇంగ్లిష్‌లో, పక్కన చిన్న బొమ్మ. ఒడియా మాటలు ఆ అమ్మాయి తానే రాసుకుంది. చీటీలో పేర్లే ఉంచాం. "వల్ల", "కాబట్టి" లాంటి సంబంధం చెప్పే మాటలు పెట్టలేదు. చీటీ తయారు చేసేవాళ్లు ఈ ఒక్కటీ గుర్తుంచుకుంటే చాలా వరకు కాపాడుకోవచ్చు.

ఈ కాగితం ఇచ్చాక బీ సెక్షన్‌లో ముగింపు మార్కులు తగ్గాయి. అయినా ఆ కాగితాన్నే ఉంచేశాం.

## దశ 5: స్క్రైబ్ రాసిన "కాబట్టి"

డిస్లెక్సియా అబ్బాయి నోటితో బాగా చెబుతాడు, రాస్తే రెండు ముక్కలకే ఆగిపోతాడు. స్క్రైబ్‌గా ఏడో తరగతి పిల్లవాణ్ని కూర్చోబెట్టి, పక్కన ఫోన్‌లో రికార్డింగ్ కూడా పెట్టాం. బరువు భాగం గురించి అబ్బాయి అన్నది రికార్డింగులో ఇలా ఉంది:

"రాయి పెట్టినం సార్. ముందుగాల పదిహేడు ఉండె. గిప్పుడు ముప్పై అయిదు అయింది. బరువు ఎక్కువైంది."

స్క్రైబ్ కాగితం మీద ఉన్నది:

"దిమ్మ మీద రాయి పెట్టడం వల్ల బరువు ఎక్కువైంది కాబట్టి ఘర్షణ 17 నుంచి 35కి రెట్టింపు అయింది."

స్క్రైబ్ మోసం చేయలేదు. విన్నదాన్ని నాలుగు మాటలు అందంగా కలిపాడు, అంతే. కానీ "వల్ల", "కాబట్టి", "ఘర్షణ", "రెట్టింపు" నాలుగూ అతనివే. మా రూబ్రిక్ ప్రకారం అబ్బాయి చెప్పినదానికి రెండు మార్కులు, స్క్రైబ్ రాసినదానికి మూడు. సైన్సు జవాబులో ఆలోచన ఉండేది ఇలాంటి చిన్న మాటల్లోనే.

ఆ తర్వాత పెట్టుకున్న నియమాలు:

1. స్క్రైబ్ చెప్పింది చెప్పినట్టే రాయాలి, యాసతో సహా.
2. రాసింది వాక్యం వాక్యం తిరిగి చదివి వినిపించాలి. మార్పు చెబితే కొట్టేసి పక్కన రాయాలి, చెరపకూడదు.
3. ఆగిపోతే "ఇంకేమన్నా ఉందా?" అని మాత్రమే అడగవచ్చు. "ఎందుకు?" అని అడగకూడదు.
4. రికార్డింగ్ ఉంచుకోవాలి. దిద్దేవాళ్లకు అనుమానం వస్తే అదే సాక్ష్యం.

మూడోది కష్టం. పిల్లవాడు అంచుదాకా వచ్చి ఆగిపోతే అడగాలని మనకే నోరు ఊరుకోదు. ఏర్పాటు లేకుండా రాసే మిగతా పిల్లల్ని ఎవరూ "ఎందుకు" అని అడగరు గదా. ఆ ప్రశ్న అడగాలనుకుంటే అందరి కాగితం మీదా అచ్చు వేయాలి.

మూడో భాగంలో, ఈ నియమాలతో, అతను చెప్పింది: "పండవెడితే పదిహేడు, నిలవెడితే పద్దెనిమిది, ఒక్కటే లెక్క. పండవెడితే బరువు అంతట పంచుకుంటది. నిలవెడితే కొంచెం జాగల్నే గట్టిగ ఒత్తుతది. అందుకే రెండు ఒకటైనయ్." ఈ "అందుకే" అతనిదే. రికార్డింగ్ విని, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం నుంచి వచ్చే ఐఈఆర్‌పీ మేడం కూడా నిర్ధారించారు. ఈ జవాబు స్పెల్లింగ్ తప్పుల కింద ఎన్నాళ్లుగా పూడిపోయి ఉందో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

లెక్క: రాయడానికి తరగతికి నలభై నిమిషాలు. స్క్రైబ్ ఉన్నవారికీ అల్పదృష్టి అమ్మాయికీ పరీక్షల్లో ఇచ్చే గంటకు ఇరవై నిమిషాల లెక్కన ఇంకో పదమూడు పద్నాలుగు. వేగం ఏ వరుసలోనూ లేదు కాబట్టి ఇది సడలింపు కిందికి రాదు.

## దశ 6: గ్రాఫు

ఈ వరుసను అల్పదృష్టి అమ్మాయికి మినహాయించాలని మొదట సలహా వచ్చింది. గ్రాఫు మేమే గీసి ఇచ్చి, దాన్ని వివరించమంటే చాలదా అని ఇంకో సలహా. రెండూ వద్దనుకున్నాం. బొమ్మల ద్వారా భావప్రసారం విద్యా ప్రమాణాల్లో ఒకటి. స్కేలు ఎంచుకోవడం, అక్షాలకు పేర్లు పెట్టడం, బిందువును దాని చోట ఉంచడం ఆ ప్రమాణంలోనివే. గీసి ఇచ్చామంటే అవి మూడూ మనం చేసినట్టు.

చార్టు మీద నల్ల మార్కరుతో రెండేసి సెంటీమీటర్ల గళ్లు గీశాం. గీతల వెంట ఫెవికాల్‌తో దారం అంటించాం, వేలితో తడిమినా గడి తెలిసేలా. బిందువులకు బొట్టుబిళ్లలు. అక్షాల మీద అంకెలు ఏవీ వేయలేదు, గడికి ఎన్ని వాషర్లో ఆమే నిర్ణయించాలి. ఆమె గడికి ఐదు అనుకుంది, 17ను మూడో గీత దాటాక సగానికి కాస్త ముందు అంటించింది. సరైన చోటే. నిలువు అక్షానికి పేరు పెట్టడం మరిచిపోయింది, అక్కడ ఒక మార్కు పోయింది. పోవాల్సిందే.

మొదటి చార్టులో ఫెవికాల్ ఆరక దారం జరిగి గడులు వంకర పోయాయి. ముందురోజే అంటించి ఆరనివ్వాలి.

లెక్క: చార్టు, దారం, బొట్టుబిళ్లలు ₹60. మొత్తం ఖర్చు ఇప్పటికి ₹210.

## దశ 7: ప్రమాణం తగ్గిందా?

ముగింపు వరుసను లెక్కపెట్టగలిగేలా రాసుకున్నాం. నాలుగు విషయాలు చూడాలి: కొలతలకు సరిపోయే ముగింపు, ఆధారంగా కనీసం రెండు కొలతలు, సరైన కారణం, హద్దు. హద్దు అంటే ఉదాహరణకు "ఒక్క వాషరు తేడాను లెక్కలోకి తీసుకోకూడదు, అదే అమరికను మళ్లీ చేసినా ఒక వాషరు అటూఇటూ అవుతోంది" అని గుర్తించడం. నాలుగూ ఉంటే నాలుగు మార్కులు, ఒకటి లోపిస్తే మూడు, అంతకంటే ఎక్కువ లోపిస్తే రెండు. ముగింపు సొంత కొలతలకు విరుద్ధంగా ఉన్నా, పాఠంలోని వాక్యం మాత్రమే ఉన్నా ఒకటి.

మొదటి పరీక్ష: ఎవరిదో తెలియకుండా దిద్దించడం. మూడో భాగం నుంచి ముగ్గురి కాగితాలు, ఇంకో ఆరుగురివి తీశాం. తొమ్మిదింటినీ ఒకే ఫాంటులో తెలుగులో టైపు చేశాం. స్పెల్లింగూ యాసా సరిచేశాం, మాటల క్రమం మాత్రం ముట్టుకోలేదు. బొట్టుబిళ్లల గ్రాఫు గుర్తుపట్టేలా ఉంటుంది కాబట్టి బయో సైన్స్ మేడం అన్ని గ్రాఫులనూ మామూలు కాగితం మీద, తప్పులతో సహా, తిరిగి గీశారు. వేరే స్కూలులోని ఫిజిక్స్ సారు ఒకరు దిద్దారు. నేను విడిగా అసలు కాగితాలు దిద్దాను.

తొమ్మిది కాగితాలు, ఐదు వరుసలు, 45 గడులు. మా ఇద్దరి మార్కూ సరిగ్గా కలిసినవి 31. అంతకంటే ముఖ్యం, కలవనివి ఎటు మొగ్గాయన్నది. ఆ ముగ్గురి 15 గడుల్లో ఐదింట్లో నా మార్కు ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ. మిగతా ఆరుగురి గడుల్లో ఎక్కువా తక్కువా సమంగానే ఉన్నాయి. అంటే రూబ్రిక్ వాక్యాల్లో ఇంకా సందు ఉంది, పిల్లవాడు పడ్డ కష్టం తెలిసినవాళ్లకు ఆ సందులోంచి జాలి దూరుతోంది. ఆ ఐదు గడుల్లో మూడు "మళ్లీ చేయగలగడం" వరుసవే. "చాలావరకు చేయగలిగింది" అన్న మాటను ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుంటున్నాం. దాన్ని ఇలా మార్చాం: "రెండో జట్టు అడగాల్సి వచ్చిన ప్రశ్నలు: ఏమీ లేకపోతే నాలుగు, ఒకటైతే మూడు, రెండు మూడైతే రెండు, ఆపైన ఒకటి."

కొత్త మాటలతో, ముగ్గురి బరువు భాగం కాగితాలు, వేరే ఆరుగురివి కలిపి మళ్లీ దిద్దించాం. 45లో 39 కలిశాయి. ముగ్గురి గడుల్లో నా మార్కు ఎక్కువైనది ఒకటి, తక్కువైనది ఒకటి.

రెండో పరీక్ష: ఏర్పాట్లు అందరికీ తెరిచి పెట్టడం. మూడో భాగంలో వాషర్లు, అంశాల కాగితం, మాటల చీటీ, నోటితో చెప్పే అవకాశం తరగతిలో ఎవరు కావాలన్నా వాడుకోవచ్చన్నాం. మొదటి భాగం కాగితాలను కూడా కొత్త రూబ్రిక్‌తోనే మళ్లీ దిద్దాను. అంటే రూబ్రిక్ ఒకటే, తేడా ఏర్పాట్లలోనే. ఏర్పాట్లు ఒక అడ్డంకిని మాత్రమే తీసేస్తే, అడ్డంకి ఉన్నవాళ్ల మార్కులు బాగా పెరగాలి, మిగతావాళ్లవి కొద్దిగానే కదలాలి. అందరివీ ఒకే తీరున ఎగబాకితే మనం ప్రశ్ననే తేలిక చేశామన్నమాట.

| | ఏర్పాట్లు లేకుండా | ఏర్పాట్లతో |
|---|---|---|
| అల్పదృష్టి అమ్మాయి | 9 | 15 |
| డిస్లెక్సియా అబ్బాయి | 7 | 14 |
| ఒడియా అమ్మాయి | 8 | 12 |
| మిగతా తరగతి సగటు | 12.1 | 12.8 |

రెండు భాగాలూ ఒకే ప్రయోగం కాదు, రెండోసారికి అందరికీ కొంత చేయి తిరుగుతుంది కూడా. మిగతా తరగతిలో కనిపించే 0.7లో అదీ కలిసే ఉంటుంది. ముగ్గురి మీద ఇంతకంటే పెద్ద మాట చెప్పకూడదు.

ఒడియా అమ్మాయికి ముగింపు వరుసలో రెండు మార్కులే వచ్చాయి. ముగింపు సరైనది, కొలతలు చూపింది, కారణం లేదు, హద్దు లేదు. ఆమెకు భాష అడ్డం వచ్చి కారణం చెప్పలేదా, కారణమే తెలియదా? విడిగా పిలిచి వాషర్లు, దిమ్మ ముందు పెట్టి, "చెప్పమ్మా, నీకు ఎట్లా వస్తే అట్లా చెప్పు" అన్నాను. చేతులతో చూపించింది, పడుకోబెట్టి లాగింది, నిలబెట్టి లాగింది, రెండు అరచేతులూ సమానంగా పట్టి "సేమ్ సార్" అంది. ఎందుకన్నదానికి పాఠం పుస్తకం వైపు చూసింది. కాబట్టి ఆ రెండు మార్కులు సరైనవే. ఇప్పుడు ఆమెకు కావలసింది ఇంకో ఏర్పాటు కాదు, ఒత్తిడి గురించి ఒక పాఠం. పాత రూబ్రిక్‌లో వచ్చిన ఒక మార్కు ఆమెకు ఏం రాదో చెప్పలేకపోయింది.

మేం ఎదురుచూడనిది ఇంకోటి. మొదటి భాగంలో పాత రూబ్రిక్ కింద ముగింపుకు నాలుగు మార్కులు వచ్చిన కొన్ని కాగితాలు కొత్తదాంట్లో ఒకటికి పడిపోయాయి. చక్కటి దస్తూరితో, తప్పుల్లేని ఇంగ్లిష్‌లో పాఠంలోని నిర్వచనం దించినవి అవి. ఒకరి నాన్నగారు వచ్చి అడిగారు. పట్టిక, ముగింపు పక్కపక్కన పెట్టి, "మీ అమ్మాయి కొలిచింది ఇదండీ, రాసింది ఇది, ఈ వాక్యంలో ఈ అంకెల ఊసే లేదు" అని చూపించాను. ఆయన కాసేపు చూసి, మళ్లీ చేయనిస్తారా అని అడిగారు. చేయనిచ్చాం, అందరికీ.

## దశ 8: ఇంకా కుదరనివి

గ్రాఫు వరుసలో మా ఇద్దరి మార్కులు ఇప్పటికీ అన్నిటికంటే తక్కువగా కలుస్తున్నాయి. రెండోసారి కలవని ఆరు గడుల్లో నాలుగు ఇక్కడివే. "తగిన స్కేలు" అన్న మాటకు కొలమానం లేకపోవడమే కారణం. వచ్చేసారికి "అతి పెద్ద కొలత, కాగితం ఎత్తులో సగం దాటాలి" అని పెడుతున్నాం. దారం చార్టుకూ మామూలు గ్రాఫు కాగితానికీ ఇది ఒకేలా వర్తిస్తుంది.

దిద్దే సమయం పెరిగింది. పాత రూబ్రిక్‌తో కాగితానికి మూడు నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఆరు. రికార్డింగ్ ఉన్న కాగితానికి పది. ‘ఏ’ సెక్షన్‌లో ముప్పై రెండు మంది, బీలో ఇంకా ఎక్కువ. నోటి జవాబులను మూడు నిమిషాలకు పరిమితం చేద్దామని ఒక ఆలోచన ఉంది. అబ్బాయి జవాబు రెండున్నర నిమిషాల్లో అయిపోయింది గానీ, నత్తి ఉన్న పిల్లలు వస్తే ఆ గడువే కొత్త అడ్డంకి అవుతుంది. అందుకే గడువును రూబ్రిక్‌లో రాయలేదు.

తర్వాతి ఎఫ్‌ఏ ధ్వని పాఠం మీద. బీ సెక్షన్‌లో వినికిడి యంత్రం వాడే అమ్మాయి ఉంది. కీచుదనం తేడాను చెవితో గుర్తించమనే గడికి నీలం గీత గీయాలా, ఎరుపా అన్నది మొదట తేలాలి. సాగదీసిన రబ్బరు బ్యాండు, డ్రమ్ము మీద ఇసుక, ఫోన్‌లో పౌనఃపున్యం చూపే యాప్ సిద్ధం చేసి పెట్టాం. ఐఈఆర్‌పీ మేడం ఆ అమ్మాయితో కూర్చుని, యంత్రంతో ఆమెకు ఏ ధ్వనులు వినిపిస్తున్నాయో, ఏవి లేదో ముందు రాసిస్తామన్నారు. ఆ కాగితం వచ్చాకే గడులు రాస్తాం.